చెక్క మీది, షెడ్డు ఖర్చు ఎవరిది?

"చెక్క మాదే మేస్త్రిగారూ, కూలి ఎంతో చెప్పండి." సార్వా ధాన్యం డబ్బు చేతికొచ్చి, మాఘం ముహూర్తాలు దగ్గరపడితే రామవరప్పాడు వైపు ఉన్న మా షెడ్డుకు ఈ మాటతోనే వస్తారు. ఉయ్యూరు నుంచి, కంకిపాడు నుంచి, తాతలనాటి టేకు దూలాలు ట్రాక్టరు మీద వేసుకుని మరీ వస్తారు. మా పనివాళ్లలో చాలామంది రేటు చెప్పేది చెక్క ఖరీదు మీద ఇంత శాతం అని. చెక్క తెచ్చుకున్న మనిషి ముందు ఆ లెక్క సున్నా. షెడ్డు అద్దె మాత్రం సున్నా కాదు.

అందుకే షెడ్డు ఖర్చును చెక్క మీద కాక పని గంటల మీద వెయ్యాలని నా వాదన. లెక్క సులువుగా ఉండే అంకెలతో చెబుతాను. అద్దె 12,000, కరెంటు 4,500, రంపం బ్లేళ్లు, మరమ్మతులు 2,500, మిషన్ల అరుగుదల 3,000, కొలతలకూ బేరాలకూ యజమాని తిరిగే కాలానికి 8,000. నెలకు 30,000, ఏడాదికి 3,60,000. ఆఖరి పద్దును చాలామంది రాయరు. కానీ ఆ పని జీతమిచ్చి మరొకరి చేత చేయిస్తే ఖర్చు కాదా?

ఇద్దరు పనివాళ్లు నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు పనిచేస్తే కాగితం మీద ఏడాదికి దాదాపు 5,000 గంటలు. ఆ లెక్కన గంటకు 72 రూపాయలు పడుతుంది. కానీ ఆషాఢంలో గృహప్రవేశాలుండవు, పుష్యంలో ఉండవు, మూఢం వస్తే గుమ్మం ఎత్తేవాడే ఉండడు. పండగలు, కరెంటు పోయిన పూటలు, గోడ ఆరలేదని సైటు దగ్గర ఆగిన రోజులు తీసేస్తే చేతిలో మిగిలేవి 3,600 గంటలనుకుందాం. అప్పుడు గంటకు 100 రూపాయలు. ఖాళీ నెలల అద్దెను పనున్న నెలలే మోయాలి. 72 వేసుకున్నవాడికి ప్రతి గంటకూ 28 రూపాయలు జేబులోంచి పోతుంటాయి. జ్యేష్ఠం దాకా పని నిండుగా ఉంటుంది కాబట్టి ఆ సంగతి తెలియదు. శ్రావణానికి అప్పు కనిపిస్తుంది.

ఇప్పుడు ఒక సింహద్వారం. నిలువులు ఏడేసి అడుగులు, పైకమ్మి, గడప నాలుగేసి అడుగులు, మొత్తం 22 అడుగులు. 5 అంగుళాల వెడల్పు, 3 అంగుళాల మందం. అడుగుల పొడవును ఈ రెండు అంగుళాలతో గుణించి 144తో భాగిస్తే సుమారు 2.3 ఘనపుటడుగులు. తలుపుకు మరో 2.2. తయారైన చెక్క 4.5. కోత, చిత్రిక, చేవలేని తెల్లభాగం కలిపి కొన్నదాంట్లో పావువంతు పోతుంది. 4.5కు పావు కలిపితే 5.6 వస్తుంది, అది చాలదు. తరుగు కొన్న చెక్కలోంచి పోతుంది కాబట్టి 4.5ను 0.75తో భాగించాలి. ఆరు ఘనపుటడుగులు కొనాలి. అడుగు 3,500 చొప్పున 21,000.

పని 60 గంటలు, గంటకు కూలి 120 చొప్పున 7,200. షెడ్డు ఖర్చు 6,000. బందులు, గడియలు, జిగురు, పాలిష్‌కు 2,800. మొత్తం 37,000. దాని మీద లాభం 4,000 వేస్తే కొటేషన్ 41,000. చెక్క తెచ్చుకున్న ఆసామికి ఇందులో 21,000 తగ్గుతుంది. షెడ్డు ఖర్చు మాత్రం ఆరువేలూ ఉంటుంది. పాత దూలంలో మేకు తగిలి బ్లేడు పాడైతే ఎవరు భరించాలో కూడా ముందే రాసుకోవాలి.

ఇదే తలుపు వేపచెక్కతో అడిగారనుకోండి. అడుగు 1,000 అయితే చెక్క 6,000. గంటలు అవే. టేకు మీద 21,000కు 6,000 పడే శాతమే ఇక్కడా వేస్తే షెడ్డుకు వచ్చేది దాదాపు 1,700. అంటే వేప తలుపు మీద 4,300 నష్టం. ఇక బర్మా టేకు అడిగినవాడికి అదే శాతం వేస్తే ధర ఊరికే పెరిగి, పని పక్క షెడ్డుకు పోతుంది. నష్టం వచ్చే పనులు మన దగ్గరికి, లాభం వచ్చేవి పక్కవాడికి చేరడానికి కారణం ఇదే.

గంటల లెక్కకూ హద్దుంది. ప్లైవుడ్ కప్‌బోర్డుల్లో కోతంతా మిషనుదే అయినప్పుడు మిషను నడిచిన గంటకు వేరే రేటు కట్టాలి. చేతిపని రేటు అక్కడ ధర్మంగా ఉండదు.

రేటు సరైందో కాదో పుస్తకమే చెబుతుంది. ఒక్కో పనికి ఒక పేజీ పెట్టి, అనుకున్న గంటలూ అయిన గంటలూ పక్కపక్కన రాయాలి. ఏడాది చివర 3,200 గంటలే పని జరిగితే షెడ్డుకు వచ్చింది 3,20,000, లోటు 40,000. దాన్ని తర్వాత వచ్చిన ఒక్క మనిషి నెత్తిన వెయ్యడం అన్యాయం. వచ్చే ఏడాది రేటు కట్టేటప్పుడు 3,200తోనే భాగించాలి. కొటేషన్ మీద పదిహేను రోజుల గడువూ రాయాలి, చెక్క ధర మన చేతిలో ఉండదు.

తోటి మేస్త్రులకు నాదొక మనవి. వచ్చే ఆషాఢంలో షెడ్డు ఖాళీగా ఉన్నప్పుడు హాజరు పుస్తకం తీసి, పోయిన ఏడాది నిజంగా పని జరిగిన గంటలు కూడండి. శ్రావణం మొదటి కొటేషన్ ఆ అంకెతోనే రాయండి.