సిరంజిలో మిగిలిన గాలి

బళ్లారి సముద్ర మట్టానికి దాదాపు 485 మీటర్ల ఎత్తులో ఉంది. ఊళ్లో చాలామందికి ఈ అంకెతో పనిలేదు. బ్లడ్ గ్యాస్ మిషన్ దగ్గర కూర్చునే మాలాంటి వాళ్లకు మాత్రం రోజూ పని పడుతుంది. ఎత్తు పెరిగితే గాలి ఒత్తిడి తగ్గుతుంది. విశాఖలో 760 మిల్లీమీటర్ల దగ్గర ఉండే పాదరసం ఇక్కడ 718 దగ్గర నిలుస్తుంది. అందులోంచి ఊపిరితిత్తుల తేమ వాటాగా 47 తీసేసి, మిగిలినదానిలో అయిదో వంతు కంటే కాస్త ఎక్కువ లెక్కిస్తే, మనం పీల్చే గాలిలో ఆక్సిజన్ పీడనం సుమారు 140 వస్తుంది. విశాఖలో అది 149.

ఈ 140ని గుర్తుపెట్టుకోండి. సిరంజిలో గాలి చేరిందో లేదో పట్టుకోవడానికి దీన్ని మించిన సాధనం నా దగ్గర లేదు.

ముందు మిషన్ ఏం చేస్తుందో చూద్దాం. మణికట్టు దగ్గర ధమనిలోంచి తీసిన రక్తాన్ని మిషన్ నోటికి అందిస్తే కొన్ని చుక్కలు లాక్కుంటుంది. వాటిని 37 డిగ్రీలకు వేడి చేసి మూడింటిని కొలుస్తుంది. ఆక్సిజన్‌ను కొలిచేది ప్లాటినం ఎలక్ట్రోడ్. దాని ముందు పలుచని ప్లాస్టిక్ పొర ఉంటుంది. రక్తం పొరకు ఇవతలే ఆగిపోతుంది, ఆక్సిజన్ మాత్రం దాటుకుని వెళ్లి ప్లాటినం మీద ఎలక్ట్రాన్లను అందుకుంటుంది. అప్పుడు పుట్టే కరెంటు చాలా స్వల్పం. అయినా ఆక్సిజన్ పీడనం ఎంత ఉంటే కరెంటు అంత. అమెరికాలో లీలాండ్ క్లార్క్ 1956లో దీని వివరాలు ప్రచురించాడు.

పీహెచ్‌ను కొలిచేది గాజు ఎలక్ట్రోడ్. పీహెచ్ ఒక యూనిట్ మారితే దాదాపు 61 మిల్లీవోల్టుల తేడా చూపిస్తుంది. కార్బన్ డయాక్సైడ్‌కు కూడా లోపల ఇదే గాజు ఎలక్ట్రోడ్ పనిచేస్తుంది. కాకపోతే దాని ముందు బైకార్బనేట్ ద్రావణం, ఆ ముందు ఒక పొర ఉంటాయి. పొర దాటి వచ్చిన వాయువు ద్రావణాన్ని కొంచెం పుల్లగా మారుస్తుంది. ఆ పులుపును గాజు చదువుతుంది. రిచర్డ్ స్టో ఆలోచనను జాన్ సెవరింగ్‌హాస్ పనికొచ్చే రూపానికి తెచ్చాడు. స్లిప్ మీద కనబడే బైకార్బనేట్‌ను మాత్రం మిషన్ కొలవదు. పీహెచ్, కార్బన్ డయాక్సైడ్ రెండూ పెట్టి లెక్కగట్టి రాస్తుంది. చాలా మిషన్లలో ఆక్సిజన్ శాతమూ అలా లెక్కతో వచ్చినదే.

అంటే మిషన్ కొలిచేది పొర దాటి వచ్చే వాయువుల తోపును. పొర దగ్గరికి రాకముందే రక్తం ఇంకో వాయువుతో సావాసం చేసి ఉంటే, ఆ సావాసం తాలూకు తోపునే కొలుస్తుంది. అది రోగి ఒంట్లోదో సిరంజిలోదో విడదీసే ఏర్పాటు అందులో లేదు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. రెండు మిల్లీలీటర్ల సిరంజి, అందులో ఒక మిల్లీ రక్తం, పైన 0.2 మిల్లీల గాలి. మిషన్ లేని నర్సింగ్ హోం నుంచి రోగి తమ్ముడు బైకు మీద పట్టుకొచ్చాడు. దారి పొడవునా గతుకులే. రక్తం, గాలి బాగా కలిసిపోయాయి. స్లిప్ వచ్చింది: పీహెచ్ 7.44, కార్బన్ డయాక్సైడ్ 35, ఆక్సిజన్ 108. చూడగానే ముచ్చటేసే స్లిప్. ఊపిరితిత్తులు భేషుగ్గా ఉన్నాయనిపిస్తుంది.

ఇప్పుడు ఆ 140ని బయటికి తీయాలి. రోగి మామూలు గాలే పీలుస్తున్నాడు. లోపలికి వెళ్లిన 140లోంచి, బయటికి వచ్చే కార్బన్ డయాక్సైడ్ తన చోటు తాను తీసుకుంటుంది. ఆ వాటా దాని పీడనాన్ని 0.8తో భాగిస్తే వస్తుంది. ఇక్కడ 35ను భాగిస్తే 44. అంటే ఊపిరితిత్తి తిత్తుల్లో ఆక్సిజన్ 96కు మించదు. తిత్తిలోనే 96 ఉంటే ధమనిలోకి 108 ఎక్కడి నుంచి వస్తుంది? రాదు. కాగితం, పెన్ను అందుబాటులో లేకపోతే ఇంకో సులువుంది. స్లిప్ మీది ఆక్సిజన్‌ను, కార్బన్ డయాక్సైడ్‌ను కూడండి. మామూలు గాలి పీల్చే మనిషికి బళ్లారిలో ఆ మొత్తం 140 దాటకూడదు. ఇక్కడ 143 వచ్చింది.

ఫోన్ చేసి రెండే ప్రశ్నలు అడగాలి. ఆక్సిజన్ ఏమైనా పెట్టారా? లేదు. వేలికి పెట్టిన క్లిప్పు ఎంత చూపిస్తోంది? 94. స్లిప్ లెక్కేమో 98 అంటోంది. మళ్లీ రక్తం తీయించి, గాలి తీసేసి, వెంటనే పరీక్షిస్తే ఆక్సిజన్ 70, కార్బన్ డయాక్సైడ్ 36, పీహెచ్ 7.43. తిత్తిలో 95 ఉంటే ధమనిలోకి 70 మాత్రమే చేరుతోంది. ఊపిరితిత్తిలో ఏదో అడ్డుంది. మొదటి స్లిప్‌ను నమ్మి ఉంటే ఆ అడ్డు కనబడేదే కాదు.

ఈ రెండు స్లిప్పులనూ పక్కపక్కన పెట్టండి. ఆక్సిజన్ 38 మారింది, కార్బన్ డయాక్సైడ్ ఒక్క అంకె కదిలింది. బుడగ ఉంటే కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, పీహెచ్ పెరుగుతుంది అని పుస్తకాల్లో చదువుకుంటాం. నిజమే. గాలిలో అది దాదాపు లేదు కాబట్టి రక్తంలోంచి బుడగలోకి పోతుంది. కానీ రక్తంలో దాని నిల్వ పెద్దది, చిన్న బుడగ మోసుకుపోయేది కొంచెమే. మూత తీసి ఉంచిన సిరంజిలోనో, నురగ కట్టిన రక్తంలోనో అయితే వేరు. మూత తీసిన గోళీ సోడా గ్యాసు పోయినట్టు, అక్కడ కార్బన్ డయాక్సైడ్ బాగానే పోతుంది. అందుకని కార్బన్ డయాక్సైడ్ మామూలుగా ఉంది కదా అని బుడగ లేదనుకోవడానికి వీల్లేదు.

కూడిక పద్ధతికీ ఒక హద్దుంది. రోగి నిజంగా దిగజారి ఆక్సిజన్ 50 దగ్గర ఉన్నప్పుడు, బుడగలోంచి వచ్చిన ఆక్సిజన్‌ను చాలా వరకు హీమోగ్లోబినే పట్టేసుకుంటుంది. పీడనం కాస్తే పెరిగి 56, 58 అవుతుంది. మొత్తం 140 దాటదు, తప్పు దొరకదు. హీమోగ్లోబిన్ దాదాపు నిండిపోయాక ఆ ఆక్సిజన్‌కు చోటుండదు. అందుకే 70 చకచకా 108 అవుతుంది. ఇక మాస్కుతో ఆక్సిజన్ అందుకుంటూ 300 ఉన్న రోగికి అంతా తిరగబడుతుంది. ఆక్సిజన్ రక్తంలోంచే బుడగలోకి పోయి స్లిప్ మీది అంకె పడిపోతుంది. ఆ ఇద్దరి విషయంలోనూ వేలి క్లిప్పుతో పోల్చుకోవాలి, సిరంజిని వెలుతురుకు పట్టి కళ్లతో చూసుకోవాలి.

గాలి సంగతి ఇది. ఆలస్యం సంగతి ఇంకోలా ఉంటుంది. ఒంట్లోంచి బయటికి వచ్చినా రక్తం బతికే ఉంటుంది. తెల్ల కణాలు ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. ఎర్ర కణాలు గ్లూకోజును తిని లాక్టేట్‌ను వదులుతాయి. ఒంటి వేడి దగ్గర గంట సేపు ఉంచితే కార్బన్ డయాక్సైడ్ దాదాపు 5 పెరుగుతుంది, పీహెచ్ సుమారు 0.05 తగ్గుతుంది. చల్లదనంలో ఈ వేగం పదో వంతుకు పడిపోతుంది. పుస్తకం గది వాతావరణం అంటే 20, 25 డిగ్రీలు. మా బళ్లారి ఏప్రిల్‌లో నీడలోనే 40 ఉంటుంది. పైగా సిరంజి ఎక్కువగా వచ్చేది చొక్కా జేబులో, అంటే గుండె పక్కన వెచ్చగా. 1953లో రాయదుర్గం, ఆలూరు, ఆదోని ఆంధ్రకు పోయినా, ఆ పక్క జనానికి ఇప్పటికీ పెద్దాసుపత్రి అంటే బళ్లారే. రాయదుర్గం నుంచి బండి మీద వచ్చే సిరంజికి గంట దాటుతుంది. లుకేమియాతో తెల్ల కణాలు లక్ష దాటిన రోగి రక్తమైతే గంట దాకా ఎందుకు, నిమిషాల్లోనే ఆక్సిజన్ కరిగిపోతుంది. రోగి ఎర్రగా, హాయిగా ఉంటాడు, స్లిప్ మాత్రం వెంటిలేటర్ పెట్టమంటుంది.

"ఐస్‌లో పెట్టుకొని తెచ్చినా సార్" అంటారు జాగ్రత్త తెలిసినవాళ్లు. ఒకప్పుడు గాజు సిరంజిల కాలంలో అది సరైన మాటే. ఇప్పటి సిరంజి ప్లాస్టిక్. దాని గోడ గుండా ఆక్సిజన్ నెమ్మదిగా దూరుతుంది. రక్తం చల్లబడిన కొద్దీ ఆక్సిజన్‌ను ఎక్కువగా ఇముడ్చుకుంటుంది కాబట్టి బయటి నుంచి లోపలికి లాక్కుంటుంది. అటు చలికి కణాల పంపు మందగించి పొటాషియం బయటికి కారుతుంది. ఐస్ గడ్డ నేరుగా తగిలితే కణాలే పగులుతాయి. కార్బన్ డయాక్సైడ్‌ను కాపాడబోయి ఆక్సిజన్‌నూ పొటాషియంనూ పాడుచేసుకున్నట్టవుతుంది. అందుకే ఇప్పుడు అంతటా పాటించే పద్ధతి ఒకటే: ప్లాస్టిక్ సిరంజిని ఐస్‌లో పెట్టకుండా, అరగంట లోపు పరీక్షించాలి.

అన్నింటికంటే చిక్కు తెచ్చేది బుడగ, ఆలస్యం రెండూ కలిసి వచ్చిన సిరంజి. బుడగ ఆక్సిజన్‌ను పెంచుతుంది, ఆలస్యం తగ్గిస్తుంది. బుడగ కార్బన్ డయాక్సైడ్‌ను తగ్గిస్తుంది, ఆలస్యం పెంచుతుంది. రెండు తప్పులూ ఒకదాన్నొకటి కప్పేసి నమ్మదగ్గట్టుగా కనిపించే స్లిప్ బయటికొస్తుంది. దాన్ని ఏ కూడికా పట్టుకోలేదు. అప్పుడు మనకు పనికొచ్చేది రక్తం తీసిన టైం ఒక్కటే. అదే సిరంజి మీద రాసి ఉండదు.

కాబట్టి రక్తం తీసే నర్సమ్మలకు, పట్టుకొచ్చే బంధువులకు నేను చెప్పేది కొంచెమే. సూది తీయగానే సిరంజిని నిలబెట్టి, వేలితో తట్టి, గాలి మొత్తం గాజుగుడ్డలోకి తోసేయండి. మూత బిగించండి. హెపారిన్ కలవడానికి అరచేతుల మధ్య దొర్లించండి, కుదపకండి. తీసిన టైం, రోగికి ఆక్సిజన్ ఎంత పెట్టారు, వేలి క్లిప్పు ఎంత చూపింది, ఈ మూడూ చీటీ మీద రాయండి. అరగంటలో మిషన్ దగ్గరికి చేర్చలేకపోతే రక్తాన్ని పంపకండి. రోగినే మిషన్ ఉన్న చోటికి పంపించి, అక్కడే రక్తం తీయించండి.