గింజ మొలిచిందని ఎప్పుడు అంటాం?

డిగ్రీ విద్యార్థి తొలి ప్రాజెక్టుకు పెట్టుకునే పరికల్పన సాధారణంగా ఇలా ఉంటుంది: ‘ఉప్పునీరు పెసల మొలకలపై ప్రభావం చూపుతుంది.’ చదవడానికి బాగానే ఉంది. చిక్కల్లా ఏమిటంటే, ఈ వాక్యం ఓడిపోయే దారి లేదు. మొలకలు తగ్గితే ప్రభావం, పెరిగితే ప్రభావం, ఒక పూట ఆలస్యంగా వచ్చినా ప్రభావమే. ఏ ఫలితం వస్తే తప్పని ఒప్పుకుంటామో చెప్పని మాటను పరీక్షించడం కుదరదు. దీనికి మందుగా ‘స్వతంత్ర చరాన్ని స్పష్టంగా రాయండి’ అంటారు. నిజానికి అది తేలిక పని. లీటరు నీటికి 0, 3, 6, 9 గ్రాముల చొప్పున ఉప్పు కలుపుతామంటే చాలావరకు తేలిపోతుంది (సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల దాకా లవణాలుంటాయి, అక్కడిదాకా వెళ్లనక్కర్లేదు). తొలి ప్రాజెక్టులు ఎక్కువగా తడబడేది ఆధారిత చరం దగ్గర, అంటే మనం కొలవబోయేదాని దగ్గర అని నా అభిప్రాయం.

‘మొలక’ అన్న మాటనే చూడండి. నానబెట్టిన పెసరగింజ ఉబ్బుతుంది, పొట్టు చిట్లుతుంది. చచ్చిన గింజ కూడా నీరు పీల్చి ఉబ్బుతుంది కాబట్టి పొట్టు చిట్లడం మొలక కాదు. ఒకే పళ్లెంలోని పాతిక గింజలను ఇద్దరు లెక్కపెడితే, ఒకరు చిట్లినవన్నీ కలిపేస్తారు, మరొకరు తెల్లటి వేరు కనబడినవే లెక్కిస్తారు. అంకెలు కలవవు. అందుకే వేరు కనీసం 2 మిల్లీమీటర్లు బయటికి వస్తేనే మొలకగా లెక్క అని ముందే రాసిపెట్టుకోవాలి. ఆ తర్వాత, ఎన్ని గంటలకు లెక్కించాలి? ఉప్పు కొద్దిగా ఉన్నప్పుడు మొలక ఆలస్యమవుతుంది గానీ ఆగిపోకపోవచ్చు. మొదటి రోజు కనిపించిన తేడా నాలుగో రోజుకు చెరిగిపోవచ్చు, వేరు పొడవులో మాత్రం మిగలవచ్చు. మొలిచిన శాతం, మొలిచే వేగం, వేరు పొడవు అనేవి మూడు వేర్వేరు కొలతలు. ‘ప్రభావం’ అనే ఒక్క మాట ఈ మూడింటినీ కప్పేస్తుంది. అందుకే వాక్యం కన్నా ముందు ఖాళీ పట్టిక గీయాలంటాను. అడ్డ వరుసల్లో ఉప్పు మోతాదులు, నిలువు వరుస పైన కొలత పేరు, దాని ప్రమాణం. ఆ గడిలో ఏ అంకె వేస్తారో చెప్పలేకపోతే పరికల్పన ఇంకా తయారు కాలేదన్నమాట. పట్టిక నిండుతుందనిపించాక వాక్యం దానంతటదే వస్తుంది: ‘ఒకే సంచిలోని పెసలను లీటరుకు 0, 3, 6, 9 గ్రాముల ఉప్పు కలిపిన నీటితో తడిపితే, ఉప్పు పెరిగేకొద్దీ 48 గంటలకు 2 మిల్లీమీటర్ల వేరు వచ్చిన గింజల శాతం తగ్గుతుంది.’ 9 గ్రాముల పళ్లెం మంచినీటి పళ్లెంతో సమానంగా మొలిస్తే ఈ వాక్యం ఓడిపోయినట్టే.

స్వతంత్ర చరం తేలిక అన్నాను గానీ, దాన్ని నిలబెట్టడం అంత తేలిక కాదు. మూత లేని పళ్లెంలో నీరు ఆవిరైపోయి ఉప్పు మిగులుతుంది. రెండో రోజుకు 3 గ్రాముల నీరు 3 గ్రాముల నీరుగా ఉండదు. వంద గింజలనూ ఒకే పళ్లెంలో పోసి వంద పరీక్షలు చేశామనుకోవడం ఇంకో పొరపాటు. ఆ పళ్లెం కిటికీ పక్కన ఉంటే వందకూ ఒకే వేడి తగులుతుంది, కాబట్టి అది ఒక్క పరీక్షే. ఈ పొరపాటు ఎంత మామూలో 1984లో హర్ల్‌బర్ట్ అనే పర్యావరణ శాస్త్రవేత్త ఒక వ్యాసంలో ఎత్తిచూపాడు. ఒక్కో మోతాదుకు పాతిక గింజల పళ్లేలు నాలుగు పెట్టి, అన్నింటినీ కలగలిపి అమర్చడం మేలు.

ఇంత కుదించేస్తే చౌడు నేల గురించి ఏం తెలుస్తుందని అడగవచ్చు. నేరుగా ఏమీ తెలియదు. నేలలో వేరే లవణాలుంటాయి, మట్టి గట్టిదనం ఉంటుంది, వంటింటి ఉప్పులో అయోడిన్ ఉంటుంది. ఆ సంగతి రిపోర్టు చివరి చర్చలో రాసుకోవాలి గానీ పరికల్పనలోకి లాగకూడదు. సర్వే ప్రాజెక్టుల మాటేమిటన్నది ఇంకో ప్రశ్న. ఫోన్ వాడకాన్ని మనం మార్చకుండా అడిగి మాత్రమే తెలుసుకుంటే, ‘ఫోన్ వల్ల మార్కులు తగ్గుతాయి’ అనే హక్కు మనకు లేదు. వాడే గంటలకూ మార్కులకూ సంబంధం ఉంటుందనే రాయగలం. వీటికన్నా బలమైన అభ్యంతరం ఒకటుంది: ఏమీ తెలియని కొత్తవాళ్లు తగ్గుతుందో పెరుగుతుందో ముందే ఎలా చెప్పగలరు? నిజమే. అందుకే చాలామంది ఫలితం చూశాక పరికల్పన రాసి ముందే అనుకున్నట్టు చూపిస్తారు. 1998లో మనస్తత్వ శాస్త్రవేత్త నార్బర్ట్ కెర్ ఈ అలవాటునే తప్పుపట్టాడు. దీనికి దారి ఉంది. ముందు నాలుగు పళ్లేలతో చిన్న ట్రయల్ చేసి చూడవచ్చు, అందులో దోషమేమీ లేదు. ఆ తర్వాత వాక్యం రాసి, పక్కన తేదీ వేసి, కొత్త గింజలు నానబెట్టాలి. ట్రయల్ గింజల లెక్క మాత్రం చివరి పట్టికలో కలపకూడదు.