అరిచింది ఎవరు?

‘పోలీస్ హెల్ప్ డాగ్ బైట్ విక్టిమ్’. ఈ ఇంగ్లిష్ శీర్షికలో ‘బైట్’ నామవాచకమైతే కుక్క కరిచిన మనిషికి సాయం అందింది. క్రియ అయితే ఆ మనిషిని కరవడానికి పోలీసులే కుక్కకు సాయపడ్డారు! 1980లో కొలంబియా జర్నలిజం రివ్యూ ఇలాంటి శీర్షికలను పుస్తకంగా తెచ్చింది. దాని పేరులోనూ ఈ కుక్కకాటే ఉంది.

తెలుగులో ‘కుక్కకాటు బాధితుడికి పోలీసుల సాయం’ అంటే చాలు, విభక్తి కాపాడుతుంది. మన చిక్కు వేరేచోట ఉంది.

‘పోలీసులు అరుస్తూ పారిపోతున్న దొంగను పట్టుకున్నారు.’

అరిచింది ఎవరు? ‘అరుస్తూ’ పక్కనున్న ‘పారిపోతున్న’కూ అతుకుతుంది, చివరి ‘పట్టుకున్నారు’కూ అతుకుతుంది. మంచి సబ్ ఎడిటర్ కలం ఇక్కడే ఆగుతుంది. ‘పోలీసులు’ తర్వాత కామా పెట్టవచ్చు గానీ, రేడియోలో చదివితే అది వినిపించదు. అందుకే ఆయన ముందు విలేఖరిని అడుగుతాడు. అరిచింది పోలీసులని తేలితే, ‘పారిపోతున్న దొంగను పోలీసులు అరుస్తూ పట్టుకున్నారు’ అని మాటను జరుపుతాడు. దొంగే అయితే జరపడంతో సరిపెట్టడు, వాక్యాన్నే విప్పి కడతాడు: ‘దొంగ అరుస్తూ పారిపోతుంటే పోలీసులు పట్టుకున్నారు.’ ఎంత అందమైన పని!

‘పాత పుస్తకాల దుకాణం’ కూడా ఇలాంటిదే. పాతది దుకాణమైతే, ‘పుస్తకాల పాత దుకాణం’.