ఏది ఉప్పు, ఏది కర్పూరం? వేమన పద్యంలోని ఖాళీలు

అనంతపురం మెట్టసీమలో, కదిరికి సమీపంలోని కటారుపల్లిలో సమాధి ఉన్నదని చెప్పుకునే వేమనకు పద్యాలు రాయడానికి అనువైన ఛందస్సు ఆటవెలది. దానికి నాలుగు పాదాలుంటాయి. నాలుగో పాదాన్ని మకుటం, అంటే ప్రతి పద్యం చివరా మారకుండా వచ్చే సంబోధన, పూర్తిగా ఆక్రమించడం వల్ల కవి చెప్పదలచినదంతా మూడు పాదాల్లోనే ఇమడాలి. ఆయన పద్యాలు అనేకం మొదటి రెండు పాదాల్లో లోకంలో కనిపించే ఒక సంగతిని చూపి, మూడో పాదంలో మనుషుల గురించి ఒక మాట అని ఆగిపోతాయి. ఆ రెంటినీ కలపవలసిన ‘వలె’, ‘అట్లే’ అన్న మాటలు చాలా చోట్ల ఉండవు. ఈ పద్ధతిని అలంకారశాస్త్రం దృష్టాంతం అంటుంది: రెండు వాక్యాలు బింబ ప్రతిబింబాల్లా ఎదురెదురుగా నిలుస్తాయి గాని, ఉపమావాచకం వాటిని ముడివేయదు. ఆ ముడి వేసే పని పాఠకుడిదే.

ఇరవయ్యో శతాబ్దపు జర్మన్ విమర్శకుడు వుల్ఫ్‌గాంగ్ ఇజర్ ఇటువంటి చోటునే ఖాళీ అన్నాడు. ఆయనకు ముందు, 1931లో, పోలండ్ తత్త్వవేత్త రోమన్ ఇంగార్డెన్ సాహిత్యకృతిలో నిర్ణయం కాకుండా మిగిలిపోయే స్థానాలుంటాయనీ, చదివేవాడు వాటిని పూరించుకుంటూ పోతాడనీ చెప్పాడు. ఇజర్ ఆ ఆలోచనను మరో అడుగు ముందుకు తీసుకుపోయి, ఖాళీ కేవలం తెలియని వివరం కాదనీ, రచనలోని రెండు భాగాల మధ్య సంబంధం చెప్పకుండా వదిలేయడమనీ, ఆ సంబంధాన్ని వెతకడమే పాఠకుణ్ణి అర్థనిర్మాణంలోకి లాగుతుందనీ 1970లలో రాసిన గ్రంథాల్లో వివరించాడు. ఆయన ఉదాహరణలు ఎక్కువగా నవలల నుంచి వచ్చినవే. తెలుగువారికి ఇది ధ్వని సిద్ధాంతానికి మారుపేరుగా తోచవచ్చు గాని, రెంటికీ తేడా ఉంది. ఆనందవర్ధనుడి ధ్వనిలో సహృదయుడు చేరవలసిన వ్యంగ్యార్థం ఒకటి ఉంటుంది, కావ్యం అతణ్ణి అటే నడిపిస్తుంది. ఇజర్ చెప్పే ఖాళీ మాత్రం కొన్ని దారులను మూసి, కొన్నింటిని తెరిచి, ఎంపికను పాఠకుడికి వదులుతుంది.

ఉప్పు, కర్పూరాల పద్యాన్ని తీసుకుంటే ఈ సంగతి స్పష్టంగా తెలుస్తుంది. రెండూ చూపుకు ఒకే తీరుగా ఉంటాయనీ, పరికించగా పరికించగా రుచుల్లో తేడా బయటపడుతుందనీ చెప్పి, మనుషుల్లోనూ పుణ్యాత్ములు వేరుగా ఉంటారని పద్యం ముగిస్తుంది. బడిలో నేర్చిన ప్రతివాడికీ ఇక్కడ ఏ సందేహమూ రాదు: ఉప్పు సామాన్యుడు, కర్పూరం పుణ్యాత్ముడు. అయితే పద్యంలో ఆ మాట ఎక్కడా లేదు. రెండు వస్తువులున్నాయి, రెండు రకాల మనుషులున్నారు. ఎవరికి ఏది అన్న పంపకం మాత్రం జరగలేదు. ఖాళీ సరిగ్గా అక్కడే ఉంది, అది ఇన్నాళ్లూ కనబడకపోవడానికి కారణం దాన్ని అందరూ ఒకే విధంగా, తక్షణం పూరించుకోవడమే.

ఆ పూరణకు బలం పద్యం నుంచి కాక లోకపు ధరల నుంచి వచ్చింది. పచ్చకర్పూరం ఖరీదైనది, తీర్థప్రసాదాల్లో చేరేది. ఉప్పు అగ్గువది, ప్రతి ఇంటా ఉండేది. అరుదైనదే గొప్పదన్న అలవాటు పాఠకుడి వద్ద ముందే ఉన్నందున అతడు కర్పూరాన్ని మంచివాడి చేతిలో పెట్టాడు. జర్మన్ విమర్శకుడు హాన్స్ రాబర్ట్ యాస్ ఇటువంటి ముందస్తు అలవాట్ల మొత్తాన్ని నిరీక్షణల దిఙ్మండలం అన్నాడు, అంటే రచనను తెరవకముందే పాఠకుడు దాని నుంచి ఏం ఆశిస్తాడో ఆ పరిధి. ఆ పరిధి మారితే పూరణ కూడా మారుతుంది. వాన నమ్మకం లేని నేలమీద సంగటి ముద్దకు ఉప్పు కలపక తప్పని వంటింటి నుంచి చదివితే, పద్యం ఎంచుకున్న కొలమానం చూపు కాదు, ధర కాదు, రుచి అని గుర్తుకు వస్తుంది. నాలుకమీద కర్పూరం చేదు, చిటికెడు మించితే తినలేనిది, ఉప్పు లేనిదే అన్నం దిగదు. అప్పుడు నలుగురికీ అక్కరకు వచ్చే ఉప్పే పుణ్యాత్ముడవుతుంది, గుడి హారతిలో వెలిగి మాయమయ్యేది మరొకడవుతాడు. బాహ్యపూజలను ఎగతాళి చేసిన కవిగా వేమనకున్న పేరు ఈ పఠనానికి తోడు నిలుస్తుంది.

మూడో దారి కూడా ఉంది. ఎవరు ఉప్పు, ఎవరు కర్పూరం అన్నది అసలు విషయం కాదనీ, చూపుతో తీర్పు చెప్పకూడదు, అనుభవించి తెలుసుకోవాలి అన్న పద్ధతిని మాత్రమే పద్యం నేర్పుతోందనీ అనుకుంటే, పంపకం జరగకపోవడం లోపం కాకుండా ఉద్దేశం అవుతుంది. పద్యంలోని ప్రతి మాటనూ వాడుకుంటూ, లేనిదాన్ని చేర్చకుండా నిలిచేది ఈ మూడోదే గనుక దానిదే పైచేయి, రెండోది ఆకర్షణీయమైనది, అందరికీ తెలిసిన మొదటిదే మూడింటిలోకీ బలహీనమైనది.

ఇంతమాత్రాన ఏ అర్థమైనా చెల్లుతుందని కాదు. మనుషులందరూ లోపల ఒకటేనని ఎవరైనా ఈ పద్యానికి చెబితే మూడో పాదం అడ్డుపడుతుంది. వేరుగా ఉంటారని అది నోరు తెరిచి చెప్పింది. ఒక పూరణ నిలుస్తుందో లేదో తెలుసుకోవడానికి గుర్తు ఇదే: దానికోసం ఏదైనా పాదాన్ని పక్కన పెట్టవలసి వస్తే అది చదవడం కాదు, తిరగరాయడం. మరో జాగ్రత్త వేమన విషయంలో ప్రత్యేకంగా అవసరం. ఈ పద్యాలు నోటి మీదా తాటాకుల మీదా తిరిగి, సి.పి. బ్రౌన్ చేతుల్లో 1829లో 693గా, 1839లో 1,164గా అచ్చయ్యాయి. ప్రతులమధ్య పాఠాలు మారుతూ ఉంటాయి. కనుక ఒకచోట సంబంధం తెగినట్టుంటే అది కవి వదిలిన ఖాళీయా, లేఖకుడి చేతిలో జారిన మాటా అన్నది పాఠాంతరాలు చూసిన తరువాతే చెప్పాలి.

మకుటంలోని ఖాళీ మరింత పెద్దది. ‘అభిరామ’ అన్నది ఒక కంసాలి పేరనీ, అతని రుణం తీర్చడానికే ఆ పేరు ప్రతి పద్యంలో నిలిచిందనీ ఒక కథ. ‘విశ్వద’ ఒక స్త్రీ పేరని మరో కథ. రెండూ కలిపి విశ్వాన్ని ఇచ్చిన దైవానికి విశేషణమని పండితుల వివరణ. వేమన తనకు తానే చెప్పుకుంటున్నాడా, మరెవరో ఆయనకు చెబుతున్నారా అన్నదీ తేలదు. అమెరికన్ విమర్శకుడు స్టాన్లీ ఫిష్ 1980లో అర్థాన్ని నిర్ణయించేది ఒంటరి పాఠకుడు కాదు, ఒకే రీతిగా చదవడం నేర్చుకున్న సమూహం అన్నాడు. వేమనను యోగిగా కొలిచి సమాధికి మొక్కేవారికి కంసాలి ఉన్న కథే సహజం. 1928లో అనంతపురంలో రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ చేసిన ఉపన్యాసాల తరువాత వేమనను కవిగా, సంఘవిమర్శకుడిగా చదవడం నేర్చినవారికి ఆ కథ అనవసరమైన అలంకారం. ఇద్దరి ముందూ ఉన్నది ఒకే పాదం.

పాఠ్యపుస్తకాల్లో పద్యం కిందనే తాత్పర్యం అచ్చువేసే ఆనవాయితీ ఈ ఖాళీలను పిల్లలు చూడకముందే మూసేస్తోంది. తెలుగు చెప్పే ఉపాధ్యాయులు ఉప్పు, కర్పూరాల పద్యం వచ్చిన రోజున తాత్పర్యాన్ని మూసి ఉంచి, ఇందులో పుణ్యాత్ముడు ఏది అని ముందుగా అడిగి, జవాబు చెప్పిన ప్రతి విద్యార్థినీ దానికి ఆధారమైన పాదాన్ని చూపించమనాలి.