పదహారు గంటల ఉపవాసం, బరువుల సాధన

రోజులో కొన్ని గంటలు మాత్రమే ఆహారం తీసుకుని, మిగిలిన సమయమంతా నీటితో గడిపే పద్ధతిని ఇంటర్మిటెంట్ ఫాస్టింగ్ అంటారు. ఇందులో చాలా రకాలున్నా, జిమ్‌లలో ఎక్కువగా పాటించేది 16:8, అంటే పదహారు గంటల ఉపవాసం, ఎనిమిది గంటల భోజన వ్యవధి. స్వీడన్‌కు చెందిన శిక్షకుడు మార్టిన్ బెర్ఖాన్ దీనిని బరువులెత్తే సాధనకు జతచేసి ప్రచారంలోకి తెచ్చాడు. ఏకాదశి ఉపవాసం భక్తికి సంబంధించినది, అప్పుడప్పుడూ వచ్చేది. 16:8 మాత్రం ప్రతిరోజూ సాగేది, కొవ్వు తగ్గించుకుంటూ కండను కాపాడుకోవడం కోసం ఉద్దేశించినది. ఆ రెండో పని నిజంగా జరుగుతుందా లేదా అన్నదే ఇక్కడ తేల్చుకోవలసిన విషయం.

ఈ ప్రశ్నకు రెండు పరిశోధనలను పక్కపక్కన పెట్టి చూస్తే జవాబు కొంతవరకు దొరుకుతుంది. ఇటలీలోని పాడువా విశ్వవిద్యాలయ పరిశోధకులు 2016లో ప్రచురించిన అధ్యయనంలో, అప్పటికే బరువులెత్తే అలవాటున్న 34 మంది పురుషులు ఎనిమిది వారాలపాటు వారానికి మూడు రోజులు సాధన చేశారు. వారిలో సగం మంది మధ్యాహ్నం ఒంటిగంటకు, సాయంత్రం నాలుగింటికి, రాత్రి ఎనిమిదింటికి మాత్రమే తిన్నారు. ఆ బృందంలో కొవ్వు సుమారు ఒకటిన్నర కిలోలు తగ్గింది, కండ, బలం నిలిచాయి. అయితే టెస్టోస్టిరాన్ అనే పురుష హార్మోన్ స్థాయి కొంత తగ్గింది. కాలిఫోర్నియాలో నిర్వహించి 2020లో ప్రచురించిన మరో పరిశోధనలో, అధిక బరువున్న 116 మందిలో ఒక బృందాన్ని పన్నెండు వారాలపాటు మధ్యాహ్నం పన్నెండు నుంచి రాత్రి ఎనిమిది వరకు మాత్రమే తినమన్నారు, ఏమి తినాలో, ఎలాంటి వ్యాయామం చేయాలో చెప్పలేదు. వారి బరువు మామూలుగా తిన్నవారికంటే చెప్పుకోదగినంతగా తగ్గలేదు. పైగా శరీర నిర్మాణాన్ని కొలిచిన వారిలో తగ్గిన కొద్దిపాటి బరువులోనూ ఎక్కువ భాగం కొవ్వు కాకుండా కండ వంటి కొవ్వురహిత భాగమే. పాల్గొన్నవారు వేరు కాబట్టి ఈ రెండింటినీ సూటిగా పోల్చడం తగదు గానీ, మొదటి దానిలో క్రమబద్ధమైన సాధన, పుష్కలంగా మాంసకృత్తులు ఉన్నాయనీ, రెండో దానిలో గడియారం ఒక్కటే ఉందనీ గమనించక తప్పదు.

ఉపవాస సమయంలో శరీరంలో జరిగేది తెలిస్తే ఈ తేడా అర్థమవుతుంది. పిండిపదార్థాల నుంచి వచ్చే చక్కెరను శరీరం గ్లైకోజెన్ రూపంలో కాలేయంలోనూ కండరాల్లోనూ దాచుకుంటుంది. రాత్రంతా తినకపోతే కాలేయంలోని నిల్వ చాలావరకు ఖర్చవుతుంది, కానీ కండరాల్లోని నిల్వ వాడితే తప్ప పెద్దగా తరగదు. అందువల్ల పరగడుపున ముప్పావు గంట బరువులెత్తడం చాలామందికి సాధ్యమే. గంటన్నర పరుగు, ఆగి ఆగి చేసే తీవ్రమైన వేగ సాధన మాత్రం కుంటుపడతాయి. పరగడుపున వ్యాయామం చేస్తే కొవ్వు ఎక్కువ కరుగుతుందన్న మాట సగమే నిజం. ఆ గంటలో కొవ్వు ఎక్కువగా ఇంధనమయ్యే మాట వాస్తవమే అయినా, మిగిలిన రోజంతా శరీరం ఆ లెక్కను సరిచేసుకుంటుంది. 2014లో యువతులపై నాలుగు వారాలు జరిగిన ఒక చిన్న అధ్యయనంలో, తిని వ్యాయామం చేసినవారికీ పరగడుపున చేసినవారికీ కొవ్వు తగ్గుదలలో తేడా కనిపించలేదు. ఉపవాసం వల్ల కొవ్వు తగ్గితే, అది తినే మొత్తం తగ్గినందుకే తగ్గుతుంది.

కాబట్టి ఈ పద్ధతిలో కష్టమంతా తినని పదహారు గంటల్లో కాదు, తినే ఎనిమిది గంటల్లోనే ఉంది. కండ నిలబడాలంటే సాధన చేసేవారికి శరీర బరువు కిలోకు సుమారు 1.6 గ్రాముల మాంసకృత్తులు కావాలి. 70 కిలోల బరువుండి సాయంత్రం ఆరింటికి జిమ్‌కు వెళ్లే ఒక ఉద్యోగిని తీసుకుంటే, అతనికి రోజుకు దాదాపు 112 గ్రాములు అవసరం. మధ్యాహ్నం పన్నెండున్నరకు అన్నం, కప్పు పప్పు, 150 గ్రాముల కోడిమాంసం, కొంచెం పెరుగు తింటే 45 గ్రాములకు అటూ ఇటూగా వస్తాయి. నాలుగున్నరకు మూడు గుడ్లు, గ్లాసు పాలు మరో 26 గ్రాములిస్తాయి, ఆరింటి సాధనకు ఆ ఆహారం అండగా కూడా ఉంటుంది. ఎనిమిదింటిలోగా రెండు పుల్కాలు, 150 గ్రాముల చేప, కప్పు పెరుగుతో లెక్క పూర్తవుతుంది. శాకాహారికి ఇదే లెక్క కుదరడం మరింత కష్టం. పప్పన్నం, సాంబారు, పెరుగుతో రెండు పూటల్లో ఇందులో సగం దాటడమూ గగనమే. 50 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో సుమారు 26 గ్రాములు, 100 గ్రాముల పనీర్‌లో సుమారు 18 గ్రాములు ఉంటాయి గనుక, వీటిలో ఏదో ఒకటి ప్రతిపూటా ఉండేలా చూసుకోక తప్పదు.

సాధారణంగా జరిగే పొరపాట్లు ఇక్కడే మొదలవుతాయి. ఉదయం పాలు, చక్కెర వేసిన కాఫీ రెండుసార్లు తాగి ఉపవాసం ఉన్నామనుకోవడం, మధ్యాహ్నం ఆఫీసు పనిలో ఏదో తిని సరిపెట్టుకుని ఆకలంతా రాత్రి బిర్యానీ మీద తీర్చుకోవడం చాలా తరచుగా కనిపిస్తాయి. మొదటి వారంలో తగ్గిన రెండు కిలోలను కొవ్వుగా లెక్కించడం మరో భ్రమ. గ్లైకోజెన్ తనతోపాటు నీటిని పట్టి ఉంచుతుంది కనుక, అది తగ్గగానే నీరూ పోతుంది. ఫలితం తెలుసుకోవడానికి తూకం కంటే సాధన పుస్తకమే నమ్మదగినది. నిరుడు లేచిన బరువుతో పోలిక అక్కరలేదు. స్క్వాట్‌లో పోయిన నెల ఎనిమిదిసార్లు లేపిన బరువు రెండు మూడు వారాలుగా ఆరుసార్లే లేస్తుంటే, నడుము కొలత మాత్రం మారకపోతే, కండ తగ్గుతున్నట్లు అనుమానించాలి. వారానికి శరీర బరువులో ఒక శాతం కంటే ఎక్కువ తగ్గుతున్నా, నిద్ర చెదురుతున్నా భోజన వ్యవధిని పది పన్నెండు గంటలకు పెంచడమే సరైన పని. రంజాన్ ఉపవాసంలో నీరు కూడా ఉండదు కాబట్టి ఈ లెక్కలు దానికి వర్తించవు. ఆ నెలలో భారీ సాధనను ఇఫ్తార్ తర్వాతకు మార్చుకోవడం మేలు.

పొద్దున్నే ఆకలి పెద్దగా వేయనివారికి, రాత్రి ఆలస్యంగా చిరుతిళ్లు తినే అలవాటును మానుకోవాలనుకునేవారికి, వారానికి మూడు నాలుగు రోజులు మితంగా సాధన చేసేవారికి ఇది బాగా కుదురుతుంది. బరువు పెంచుకోవాలనుకునే బక్కపలచటివారికి, రోజుకు రెండుసార్లు సాధన చేసే క్రీడాకారులకు ఇది అడ్డంకే. స్త్రీలలో నెలసరి ఆలస్యమవడమో ఆగిపోవడమో జరిగితే, సాధనకు తగిన శక్తి శరీరానికి అందడం లేదని గ్రహించి, వెంటనే ఉపవాసం ఆపి వైద్యులను కలవాలి. ఆ స్థితి ఎముకల బలాన్నీ తగ్గిస్తుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, ఎదిగే వయసు పిల్లలు, గతంలో ఆహారపు అలవాట్లకు సంబంధించిన మానసిక రుగ్మత ఎదుర్కొన్నవారు దీని జోలికి వెళ్లకూడదు.

అన్నిటికంటే ఎక్కువ ప్రమాదం మధుమేహానికి మందులు వాడేవారికి ఉంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటివి ఆహారం అందకపోయినా చక్కెరను తగ్గిస్తూనే ఉంటాయి, వ్యాయామం దానిని మరింత తగ్గిస్తుంది. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే ఉపవాసాన్ని పక్కన పెట్టి వెంటనే చక్కెర నీళ్లో పండ్లరసమో తాగాలి. డాపాగ్లిఫ్లోజిన్ వర్గానికి చెందిన మాత్రలు వాడేవారిలో, దీర్ఘ ఉపవాసం వల్ల రక్తంలో కీటోన్ ఆమ్లాలు ప్రమాదకరంగా పెరిగే అవకాశం ఉంది, అప్పుడు చక్కెర పరీక్షలో అంకె దాదాపు మామూలుగానే కనిపించవచ్చు; వాంతులు, కడుపునొప్పి, ఆయాసం వస్తే ఆ అంకెను చూసి ధైర్యపడకుండా ఆసుపత్రికి వెళ్లాలి. ఏ మందును ఎంత తగ్గించాలి, ఏది మార్చాలి అన్నది మొదటి ఉపవాస దినానికి ముందే వైద్యులతో తేల్చుకోవలసిన విషయం.