మూడో వంతు ఓమ్

నాచారం పారిశ్రామికవాడలో ఓ రేకుల షెడ్డు. అక్కడి పాత యాంప్లిఫయర్ చలికాలమంతా బాగానే మోగింది. మే వచ్చేసరికి మధ్యాహ్నం పూట అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లు మాడిపోవడం మొదలైంది. కొత్తవి వేసినా అదే కథ. ఉప్పల్‌లో మా బల్ల మీదికొచ్చాక మూత తీస్తే, రెండు ఎమిటర్ల దగ్గర ఉండాల్సిన తెల్లటి సిమెంటు రెసిస్టర్లు లేవు. వాటి చోట రాగి తీగ ముక్కలు టంకం వేసి ఉన్నాయి. 0.33 ఓమ్ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే అనుకున్నారు కాబోలు. 1967లో ఈసీఐఎల్ ఏర్పడినప్పటి నుంచీ టంకం వాసన ఎరిగిన ఈ వైపు కూడా ఇలాంటి రిపేర్లు కనిపిస్తూనే ఉంటాయి.

ట్రాన్సిస్టర్ ఒక డిగ్రీ వేడెక్కితే, అదే కరెంటు పారడానికి దానికి కావలసిన బేస్-ఎమిటర్ వోల్టేజీ సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. మనం ఇచ్చే బయస్ మాత్రం తగ్గదు. దాంతో కరెంటు 8 శాతం దాకా పెరుగుతుంది. పాట లేనప్పుడు 50 మిల్లీ ఆంపియర్లు పారుతోందనుకుందాం, అది 54 అవుతుంది. ట్రాన్సిస్టర్ మీద 35 వోల్టులున్నాయి కనుక వేడి 0.14 వాట్లు పెరుగుతుంది. హీట్‌సింక్, ఎండిపోయిన పేస్టు అన్నీ కలిసి వాట్‌కు 6 డిగ్రీలు పెంచుతాయనుకుంటే, ఒక డిగ్రీ మరో 0.84 డిగ్రీని తెచ్చిపెట్టింది. ఒకటి కంటే తక్కువ కాబట్టి ఎక్కడో ఒకచోట ఆగుతుంది. చలికాలం గండం అలాగే గట్టెక్కింది. షెడ్డు వేడికి కరెంటు 60 దాటిందా, ప్రతి డిగ్రీ తనకంటే పెద్ద డిగ్రీని కంటుంది. ఇక ట్రాన్సిస్టర్ మాడేదాకా ఆగదు.

ఇప్పుడు 0.33 ఓమ్ తిరిగి పెడదాం. కరెంటు పెరగబోతే రెసిస్టర్ మీద వోల్టేజీ కూడా పెరిగి, బేస్-ఎమిటర్ మధ్య మిగిలేదాన్ని అంతమేర కోసేస్తుంది. డిగ్రీకి 4 మిల్లీ ఆంపియర్లు పెరగాల్సింది 2.4 దగ్గరే నిలుస్తుంది. తిరిగొచ్చే వేడి అర డిగ్రీ. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ అంటే ఇక్కడ ఇంతే. అయితే దీనికీ హద్దుంది: ఇవే లెక్కల్లో కరెంటు 290 మిల్లీ ఆంపియర్ల దాకా పోతే ఈ రెసిస్టరూ కాపాడలేదు. అందుకే మంచి సెట్లలో బయస్ ట్రాన్సిస్టర్‌ను కూడా హీట్‌సింక్‌కే బిగిస్తారు. అది వేడెక్కితే బయస్ తనే తగ్గుతుంది.

రిపేరయ్యాక రెసిస్టర్ రెండు కొసల మధ్య మీటర్ పెట్టాలి. 50 మిల్లీ ఆంపియర్లకు 16.5 మిల్లీవోల్టులు కనిపిస్తాయి. కాసేపు ఎక్కి నిలబడితే సరే. నిలవకుండా ఎక్కుతూనే ఉంటే, వెంటనే స్విచ్ ఆపాలి.

మరి 1 ఓమ్ పెడితే పూర్తి భద్రం కదా అని అడుగుతారు. నిజమే, ఈ లెక్కల్లో డిగ్రీకి తిరిగొచ్చే వేడి 0.42 డిగ్రీ దాటదు. కానీ స్పీకర్‌కు 5 ఆంపియర్లు పోయేటప్పుడు ఆ రెసిస్టరే 5 వోల్టులు మింగేస్తుంది. 0.33 అయితే 1.65తో సరిపెట్టుకుంటుంది.