ఎప్పుడొస్తుందో తెలియని సరుకుకు లెక్క

సరుకు తెప్పించి అమ్మే షాపులో ప్రతి వస్తువుకూ రెండు అంకెలు తేల్చుకోవాలి. ఒక్కసారికి ఎన్ని తెప్పించాలన్నది మొదటిది. నిల్వ ఎంతకు దిగగానే ఆర్డరు పెట్టాలన్నది రెండోది. మొదటి అంకెను ఈఓక్యూ అంటారు, అంటే ఏడాది మీద ఖర్చు అతి తక్కువ పడే ఆర్డరు పరిమాణం. రెండోది రీఆర్డర్ పాయింట్. సరుకు ఆలస్యమైనా, అమ్మకం పెరిగినా ఆదుకునే సేఫ్టీ స్టాక్ అందులోనే కలిసి ఉంటుంది. రెండూ ఒకే ఎక్సెల్ షీటులో పడతాయి గానీ రెండింటికీ ఒకే శ్రద్ధ అక్కర్లేదు. మొదటి అంకె కాస్త అటూ ఇటూ అయినా కొంపేమీ మునగదు. షాపులో సరుకు అయిపోయేది రెండో అంకె తప్పినప్పుడే.

ఉదాహరణకు విజయవాడ ఆటోనగర్‌లో బేరింగులు అమ్మే ఒక షాపును, అందులో 6205 రకం బేరింగును తీసుకుందాం. లోపలి వ్యాసం 25 మిల్లీమీటర్లు, బయటి వ్యాసం 52, మందం 15. చిన్న మోటార్లలో, పంపుల్లో వాడేది కాబట్టి అడిగేవాళ్లు వారమంతా వస్తూనే ఉంటారు. కొనుగోలు ధర 180 రూపాయలు అనుకుందాం. గడిచిన పన్నెండు వారాల్లో అమ్ముడైనవి వరుసగా 38, 52, 41, 60, 35, 47, 55, 30, 49, 64, 44, 37. సగటున వారానికి 46. ఆ సగటు నుంచి అమ్మకం ఎంత చెదురుతోందో చెప్పే ప్రామాణిక విచలనం సుమారు 10.4.

ఈ అంకెలను షీటులోకి ఎక్కించే ముందు ఒకటి చూసుకోవాలి. అమ్మకం, గిరాకీ ఒకటి కావు. ఏదో ఒక వారం 30 మాత్రమే అమ్ముడైతే, అడిగినవాళ్లు తక్కువా, లేక గురువారానికే స్టాకు అయిపోయిందా? రెండోదే నిజమైతే ఆ 30 గిరాకీ కాదు, షాపులో ఉన్న సరుకు మాత్రమే. దాన్ని అలాగే వాడితే సగటు తగ్గుతుంది. సగటు తగ్గితే తెప్పించేదీ తగ్గుతుంది, మళ్లీ స్టాకు అయిపోతుంది. అందుకే సరుకు లేక తిప్పి పంపిన గిరాకీని కౌంటరు దగ్గర ఒక పుస్తకంలో రాసుకోవాలి. రాసుకోకపోతే కనీసం స్టాకు నిండుకున్న వారాలను లెక్కలోంచి తీసేయాలి.

ముందుగా ఈఓక్యూ. అమెరికా ఇంజినీరు ఫోర్డ్ హారిస్ 1913లో ఈ సూత్రాన్ని ప్రచురించాడు. తర్వాత ప్రచారంలోకి తెచ్చినవాడి పేరు మీద దీన్ని విల్సన్ ఫార్ములా అని కూడా అంటారు. దీనికి మూడు అంకెలు చాలు. ఏడాది గిరాకీ: వారానికి 46 చొప్పున 2,392. ఒక ఆర్డరు పెట్టడానికయ్యే ఖర్చు: పార్సిల్ ఆఫీసు నుంచి ఆటో కిరాయి, దించి లెక్కపెట్టి రాక్‌లో సర్దే కూలి, బిల్లు ఎక్కించే పని, అన్నీ కలిపి 300 రూపాయలు అనుకుందాం. ఎన్ని ముక్కలు తెప్పించినా మారని ఖర్చే ఇందులో చేరాలి. మూడోది ఒక బేరింగును ఏడాదిపాటు ఉంచుకోవడానికయ్యే ఖర్చు. పెట్టుబడి మీద వడ్డీ, తుప్పు, బీమా కలిపి ధరలో 20 శాతం అనుకుంటే 36 రూపాయలు. షాపు అద్దెను ఇందులో కలిపేవాళ్లు చాలామంది ఉంటారు. వంద బేరింగులు తగ్గించుకున్నంత మాత్రాన యజమాని అద్దె తగ్గించడు కాబట్టి దాన్ని వదిలేయడమే సరైనది.

గిరాకీని, ఆర్డరు ఖర్చును, రెండును గుణించి, నిల్వ ఖర్చుతో భాగించి, వర్గమూలం తీస్తే 200 వస్తుంది. అంటే ఏడాదికి పన్నెండు ఆర్డర్లు. ఆర్డర్ల ఖర్చు దాదాపు 3,600, నిల్వ ఖర్చు మరో 3,600, మొత్తం 7,200 రూపాయలు. ఇప్పుడు 200 బదులు 150 చొప్పున తెప్పిస్తే ఏడాదికి పెరిగేది సుమారు 300 రూపాయలే. 300 చొప్పున తెప్పిస్తే సుమారు 600. కాబట్టి ఆర్డరు ఖర్చు 300 రూపాయలా, 340 రూపాయలా అని గంటలకొద్దీ తర్జనభర్జన పడటం దండగ. ఆ ఖర్చు రెట్టింపైనా ఈఓక్యూ పెరిగేది 41 శాతమే. పైగా 300 తీసుకుంటే స్టాకిస్టు ఒక్క శాతం తగ్గిస్తానంటే ఏడాదికి 4,300 రూపాయలు మిగులుతాయి. పెరిగే 600 దాని ముందు లెక్కలోకి రాదు. ఈఓక్యూ చుట్టుపక్కల ఏ గుండ్రటి పెట్టె సైజు ఉంటే అదే తీసుకోవచ్చు.

రీఆర్డర్ పాయింట్ దగ్గర ఇంత వెసులుబాటు లేదు. ఆర్డరు పెట్టిన రోజు నుంచి సరుకు రాక్‌లోకి చేరే రోజు వరకు పట్టే సమయమే లీడ్ టైమ్. మన షాపుకు వచ్చిన గత ఎనిమిది ఆర్డర్లకు 9, 8, 24, 10, 10, 11, 26, 14 రోజులు పట్టాయి అనుకుందాం. సగటు 14 రోజులు, విచలనం 7. అమ్మకాన్ని వారాల్లో కొలిచాం కాబట్టి వీటినీ వారాల్లోకి మార్చాలి: సగటు రెండు వారాలు, విచలనం ఒక వారం. మార్చడం మరిచిపోతే షీటు 80 బదులు 536 సేఫ్టీ స్టాక్ చూపిస్తుంది. అంత పెద్ద తప్పు ఎలాగూ కంటికి కనిపిస్తుంది. కొన్ని ఆర్డర్లకు పనిదినాలు, కొన్నిటికి క్యాలెండరు రోజులు కలగాపులగంగా రాస్తేనే పట్టుకోవడం కష్టం.

షీటులో B నిలువు వరుసలో వారపు గిరాకీ, C నిలువు వరుసలో లీడ్ టైమ్ రోజులు, F9లో ఆర్డరు ఖర్చు, F10లో ఏడాది నిల్వ ఖర్చు ఉంటే మిగతాది ఇంతే:

```
F2  =AVERAGE(B2:B13)
F3  =STDEV.S(B2:B13)
F4  =AVERAGE(C2:C9)/7
F5  =STDEV.S(C2:C9)/7
F6  =NORM.S.INV(0.95)*SQRT(F4*F3^2+F2^2*F5^2)
F7  =F2*F4+F6
F8  =SQRT(2*F2*52*F9/F10)
```

F6 సేఫ్టీ స్టాక్, F7 రీఆర్డర్ పాయింట్, F8 ఈఓక్యూ. F6లో వర్గమూలం కింద రెండు ముక్కలున్నాయి. మొదటిది అమ్మకం హెచ్చుతగ్గుల వల్ల వచ్చేది, విలువ 218. రెండోది సరుకు రాకలోని హెచ్చుతగ్గుల వల్ల వచ్చేది, విలువ 2,135. రెండూ కలిపి వర్గమూలం తీస్తే 48.5. దాన్ని 95 శాతం భరోసాకు సరిపడే 1.645తో గుణిస్తే 80. సగటు రెండు వారాల అమ్మకం 92 దానికి కలిపితే రీఆర్డర్ పాయింట్ 172.

ఆ రెండు ముక్కల తేడాను కాసేపు చూడాలి. వారం వారం అమ్మకం ఏమాత్రం మారకుండా సరిగ్గా 46 దగ్గరే నిలిచినా సేఫ్టీ స్టాక్ 80 నుంచి 76కే దిగుతుంది. అదే సరుకు రాకలోని చెదురు సగానికి తగ్గితే 45కు దిగుతుంది. పూర్తిగా పోతే 24 చాలు. షాపుల్లో రోజువారీ అమ్మకం కంప్యూటరులో పైసాతో సహా దొరుకుతుంది. ఆర్డరు పెట్టిన తేదీ మాత్రం ఫోనులోనో గోడ మీది క్యాలెండరులోనో మిగిలిపోతుంది. ఈ బేరింగు విషయంలో సేఫ్టీ స్టాక్‌ను తేల్చేది రెండోదే. ఆర్డరు తేదీ, సరుకు చేరిన తేదీ అన్న రెండు గళ్లు లేని షీటు ఎంత అందంగా ఉన్నా పనికిరాదు.

95 శాతం అన్న మాటకు అర్థం కూడా తెలుసుకోవాలి. వంద మందిలో తొంభై అయిదుగురికి సరుకు దొరుకుతుందని కాదు. ఇరవై ఆర్డర్లలో ఒకదాని విషయంలో, కొత్త సరుకు వచ్చేలోపే పాతది అయిపోవచ్చని. ఏడాదికి పన్నెండు ఆర్డర్లయితే దాదాపు ఇరవై నెలలకోసారి. అప్పుడైనా తక్కువ పడేది కొన్ని ముక్కలే కాబట్టి, అడిగిన బేరింగుల్లో 99 శాతానికి పైగా దొరుకుతూనే ఉంటాయి.

ఇదంతా హెచ్చుతగ్గులు సగటుకు రెండు పక్కలా గంట ఆకారంలో సర్దుకుని ఉంటాయన్న ఊహ మీద నడుస్తుంది. మన ఎనిమిది ఆర్డర్లను మళ్లీ చూస్తే ఆ ఊహ ఇక్కడ నిలవదని తెలుస్తుంది. ఆరు ఆర్డర్లు 8 నుంచి 14 రోజుల్లో వచ్చాయి. రెండు 24, 26 రోజులకు వచ్చాయి. 15కూ 23కూ మధ్య ఒక్కటీ లేదు. ఇలాంటి చోట సాధారణంగా రెండు దారులుంటాయి: స్టాకిస్టు గోడౌనులో ఉంటే పదిరోజుల్లో వస్తుంది, లేకపోతే అతను కంపెనీ డిపో నుంచి తెప్పించి పంపాలి. త్వరగా వచ్చే ఆర్డర్లకు 172 చాలా ఎక్కువ. పది రోజుల్లో సగటున అమ్ముడయ్యేవి 66. ఆలస్యమయ్యేవాటికి అది అంతంతమాత్రం: 25 రోజుల్లో సగటున 164 అమ్ముడవుతాయి, విచలనం సుమారు 20. అప్పుడు స్టాకు అయిపోయే అవకాశం 35 శాతం దాకా ఉంటుంది. నాలుగింట ఒక ఆర్డరు ఇలా ఆలస్యమైతే మొత్తం మీద దాదాపు 9 శాతం. అంటే షీటు 95 అని చెప్పినా నిజంగా దక్కేది 91 మాత్రమే. ఈ లెక్కన 95 కావాలంటే రీఆర్డర్ పాయింట్‌ను 181కి పెంచాలి.

తొమ్మిది బేరింగులు పెంచడం కన్నా మేలైన పని ఇంకొకటుంది. ఆర్డరు చెప్పేటప్పుడే సరుకు గోడౌనులో ఉందా అని స్టాకిస్టును అడగాలి. లేదన్నాడంటే లీడ్ టైమ్ ఇక అంతుపట్టనిది కాదు, ఇంచుమించు 25 రోజులని తెలిసిపోయినట్టే. వేరే స్టాకిస్టు దగ్గర యాభై తీసుకోవడానికి చేతిలో రెండు వారాల వ్యవధి ఉంటుంది. నిల్వ 172కు దిగేదాకా ఆగకుండా వారానికోసారి ఈ ప్రశ్న అడిగినా నష్టం లేదు.

రీఆర్డర్ పాయింట్‌తో పోల్చాల్సింది రాక్‌లో ఉన్న సంఖ్యను మాత్రమే కాదు. రాక్‌లో ఉన్నవాటికి దారిలో ఉన్న ఆర్డర్లను కలిపి, ఇప్పటికే ఎవరికైనా ఇస్తామన్న ముక్కలను తీసేసి పోల్చాలి. ఇది మరిచిపోతే, ఆలస్యమైన ఆర్డరు ఇంకా లారీలో ఉండగానే షీటు రోజూ ఎర్రగా కనిపిస్తుంది. కంగారులో మరో 200 పెట్టేస్తారు, నెల తిరిగేసరికి రెండూ కలిసి వచ్చి పడతాయి.

షీటులోని సగటులను మూడు నెలలకోసారి తిరిగి లెక్కించాలి. పంపుల మరమ్మతులు పెరిగే వేసవికి, వానాకాలానికి ఒకే సగటు పెట్టకూడదు. గత వేసవి వారాలను విడిగా తీసి చూడాలి. రెండు నెలలకోసారి ఒకటి అమ్ముడయ్యే పెద్ద సైజు బేరింగులకు మాత్రం ఈ షీటు అసలు వాడకూడదు. వాటి వారపు అమ్మకంలో దాదాపు అన్నీ సున్నాలే ఉంటాయి, సగటుకూ విచలనానికీ అర్థం ఉండదు. అలాంటివాటికి ఒకటి ఉంచుకుని, అది అమ్ముడైన రోజే ఇంకొకటి తెప్పించుకుంటే సరిపోతుంది.